బూస్టర్ డేటా, ప్లాన్ అయిపోకముందే ఎందుకు పోతుంది? మూడేళ్లు వాడాక తెలిసిన లెక్క

రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే 84 రోజుల ప్రీపెయిడ్ ప్లాన్ మూడేళ్లుగా వాడుతున్నాను. ఇంట్లో వైఫై లేదు. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసి ఫైళ్లు ఫోన్ హాట్‌స్పాట్ మీదే పంపిస్తాను కాబట్టి నెలకు రెండు మూడు డేటా బూస్టర్లు వేయించుకోక తప్పదు. నెట్‌వర్క్ ఎలా ఉంది, స్పీడ్ ఎంత అన్నది ఇక్కడ రాయడం లేదు. వేయించుకున్న డేటా వాడకుండానే ఎలా పోతుందన్నది మాత్రమే రాస్తున్నాను, ఎందుకంటే నేను డబ్బులు పోగొట్టుకున్నది అక్కడే.

మొదటిసారి గట్టిగా తగిలింది మా మేనల్లుడి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ రోజుల్లో. వెబ్ ఆప్షన్లు పెట్టాలి, ఒక్కో కాలేజీ గురించి చూడాలి, రాత్రి 10:40కి ఆ రోజు కోటా అయిపోయింది. వెంటనే 33 రూపాయలు పెట్టి 2 జీబీ బూస్టర్ వేశాను. వ్యాలిడిటీ దగ్గర "1 రోజు" అని ఉంది, అంటే రేపు రాత్రి 10:40 దాకా ఉంటుందనుకున్నాను. ఆ రాత్రి 600 ఎంబీ దాకా అయింది, మిగతాది పొద్దున వాడుకుందామని పడుకున్నాం. పొద్దున చూస్తే బూస్టర్ అసలు కనిపించలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి, "ఒక రోజు అంటే 24 గంటలు కాదండీ, రీఛార్జ్ చేసిన రోజు అర్ధరాత్రి వరకేనండీ" అంది.

అంటే నేను కొన్నది 80 నిమిషాల డేటా. పైగా 12 దాటగానే నా సొంత ఒకటిన్నర జీబీ ఎలాగూ వచ్చేది. 600 ఎంబీకి 33 రూపాయలంటే జీబీ 55 రూపాయలు పడినట్టు. ప్లాన్ మొత్తంలో వచ్చే 126 జీబీకి లెక్క కడితే, కాల్స్ కూడా కలుపుకుని జీబీ ఏడు రూపాయలు కూడా పడదు. అప్పట్నుంచి రాత్రి పదిన్నర దాటాక ఒక రోజు ప్యాక్ వేయడం మానేశాను, పని మరీ ఆగిపోయేదైతే తప్ప.

ఈ గందరగోళంలో సగం పేరు వల్ల వస్తోంది. మనం దీన్ని "డేటా టాపప్" అంటాం, కానీ 2012 నాటి ట్రాయ్ నిబంధనల్లో టాపప్ అంటే మెయిన్ బ్యాలెన్స్‌లోకి వచ్చే డబ్బు మాత్రమే, దానికి విడిగా గడువు ఉండదు. డేటా ప్యాకులు వచ్చేది స్పెషల్ టారిఫ్ వోచర్ కింద, వాటికి సొంత గడువు ఉంటుంది. మెయిన్ బ్యాలెన్స్‌లో వేసుకున్న పది రూపాయల్లా ఈ డేటా కూడా అలాగే పడి ఉంటుందని మనకు అనిపిస్తుంది. అది ఉండదు.

దానికి తోడు పాత అలవాటు ఒకటి. చిన్న బూస్టర్లు చాలావరకు "ప్లాన్ ఉన్నంత కాలం" అనే గడువుతో వచ్చేవి. ఉదాహరణకి జియోలో 19 రూపాయల ప్యాక్ అలాగే ఉండేది. 2025 జనవరిలో దాన్ని ఒక రోజుకు, 29 రూపాయల దాన్ని రెండు రోజులకు మార్చారు. ధర అదే, డేటా అదే, గడువు ఒక్కటే మారింది. అలవాటు కొద్దీ అదే నంబరు నొక్కి రీఛార్జ్ చేసే మా నాన్నలాంటి వాళ్లకు ఇది కనపడే అవకాశమే లేదు. అందుకే పాత ప్యాకే అయినా ప్రతిసారీ వ్యాలిడిటీ గడి చూడమంటాను.

సరే, "ప్లాన్ ఉన్నంత కాలం" అని రాసి ఉంటే టెన్షన్ లేదనుకోకండి. నాకు రెండో దెబ్బ దానితోనే. సంక్రాంతికి ఊరెళ్తున్నాను, అక్కడ పని కూడా ఉంటుందని 6 జీబీ ప్యాక్ వేయించాను. అప్పటికి ప్లాన్‌లో 79వ రోజు. గడువు తప్పకూడదని 82వ రోజునే తర్వాతి 84 రోజుల ప్లాన్ కూడా రీఛార్జ్ చేసేశాను, అది క్యూలో కూర్చుంది. 84వ రోజు అర్ధరాత్రి పాత ప్లాన్ పోయి కొత్తది మొదలైంది, బూస్టర్‌లో మిగిలిన 4.1 జీబీ పాత ప్లాన్‌తోనే పోయింది. సిమ్ ఒక్క నిమిషం కూడా ఆగలేదు కాబట్టి డేటా కూడా కొనసాగుతుందని నేననుకున్నాను. కానీ నా కంపెనీ లెక్కలో ఆ బూస్టర్ సిమ్‌కి కట్టింది కాదు, ఆ రోజు నడుస్తున్న ప్లాన్‌కి కట్టింది. కాబట్టి ప్లాన్ చివరి వారంలో పెద్ద బూస్టర్ వేయకండి. క్యూలో ఉన్న ప్లాన్‌ని ముందే యాక్టివేట్ చేసుకునే బటన్ ఉంటే, బూస్టర్ మిగిలి ఉన్నప్పుడు దాన్ని ముట్టుకోకండి.

రోలోవర్ ఉంటే ఇవన్నీ తప్పుతాయా అని మా అన్నయ్య అడిగాడు. ఆయనది వీఐ ప్రీపెయిడ్, వారాంతపు రోలోవర్ ఉన్న ప్లాన్. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజువారీ కోటాలో మిగిలింది పోగై శని, ఆదివారాల్లో వాడుకోవచ్చు. రోజుకు 700 ఎంబీ మిగిలితే మూడున్నర జీబీ దాకా అవుతుంది, బాగానే ఉపయోగం. ఆదివారం అర్ధరాత్రితో అది కూడా పోతుంది, తర్వాతి వారానికి రాదు. అక్కడ మిగిలేది రోజువారీ కోటానే, విడిగా కొన్న బూస్టర్ ఆ పోగులోకి రాదు. పోస్ట్‌పెయిడ్‌లో రోలోవర్ అంటే మరో అర్థం, మిగిలిన డేటా తర్వాతి బిల్లు నెలకు వెళ్తుంది, దానికీ ఒక పరిమితి పెడతారు. మాట ఒకటే, లెక్కలు వేరు.

గడువుతో పోవడం ఒకటి, తెలియకుండా ఖర్చవడం ఇంకొకటి. మామూలుగా రోజు కోటా అయిపోతే స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, అప్పుడే మనకు తెలుస్తుంది. బూస్టర్ ఉంటే స్పీడ్ పడదు, ఫోన్ నేరుగా బూస్టర్‌లోంచి తాగడం మొదలుపెడుతుంది. ఫొటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్లు, వాట్సాప్‌లో వచ్చిన వీడియోలు, అన్నీ దాన్నే తింటాయి. అన్‌లిమిటెడ్ 5జీ ఉంది కదా అనుకునేవాళ్లు కూడా చూసుకోవాలి, ఇంట్లో సిగ్నల్ 4జీకి దిగగానే మళ్లీ కోటాలోంచే పోతుంది.

ఏది జరిగిందో ఎలా తెలుస్తుందంటే, డేటా పోయిన టైమ్ చూడండి. అర్ధరాత్రి దగ్గరో, ప్లాన్ ముగిసిన రోజో ఒక్కసారిగా సున్నా అయితే అది గడువు. కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తే వాడకం, అప్పుడు ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ తెరిస్తే ఏ యాప్ ఎంత తిందో కనిపిస్తుంది. నేను ఇప్పుడు బూస్టర్ వేయగానే కంపెనీ యాప్‌లో ఆ ప్యాక్ మీద విడిగా నొక్కి, దాని గడువు తేదీ, టైమ్ స్క్రీన్‌షాట్ తీసుకుంటున్నాను. పై పేజీలో కలిపి చూపించే మొత్తం డేటా అంకెను నమ్మడం మానేశాను, ఎందుకంటే అందులో ఈ రాత్రికి పోయేది, వారం ఉండేది రెండూ కలిసే ఉంటాయి.

పోయిన వారం ఒక ఆల్బమ్ పంపాల్సి వచ్చింది, ఫైళ్లు 1.8 జీబీ, టైమ్ రాత్రి 11:15. పార్టీకి ఫోన్ చేసి పొద్దున ఆరింటికి ఇస్తానండీ అని చెప్పాను. 12 దాటాక కొత్త కోటాతో అప్‌లోడ్ పెట్టాను, తక్కువపడిన 300 ఎంబీ కోసం అప్పుడు ఒక జీబీ ప్యాక్ వేశాను. దాని గడువు ఆ రోజు రాత్రి 11:59 అని చూపించింది. 24 గంటలకు దగ్గరగా వచ్చింది, మిగిలిన 700 ఎంబీ మధ్యాహ్నం ఇంకో పార్టీ ఫొటోలు దించుకోవడానికి సరిపోయింది.