భోగిపళ్ల ఫొటో, నైట్ మోడ్‌తో నా తగువు

ఈ ఫోన్ కొని రెండున్నరేళ్లు దాటింది. బ్యాటరీ, స్పీడు, స్క్రీన్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వాటి జోలికి పోను. నా తగువంతా కెమెరాలో ఉన్న ఒక్క నైట్ మోడ్‌తోనే.

కొన్న కొత్తలో దాన్ని నా అంత పొగిడినవాడు లేడు. విజయనగరం గంటస్తంభాన్ని రాత్రి పది దాటాక ఫొటో తీసి, ఆఫీసులో కనిపించిన ప్రతివాడికీ చూపించాను. ఆ ఫొటో ఇప్పటికీ బాగుంటుంది. కాకపోతే గంటస్తంభం కదలదు. ఆ సంగతి భోగి రోజు సాయంత్రం గానీ నా బుర్రకెక్కలేదు.

మాది పాత పెంకుటిల్లు. హాల్లో ఒక మూల పసుపు బల్బు, గుమ్మానికి చైనా సీరియల్ లైట్లు, అంతే వెలుతురు. మా అప్ప కూతురికి అప్పుడు రెండేళ్లు. పీట మీద కూర్చోబెట్టి రేగుపళ్లు, చెరుకు ముక్కలు, చిల్లర, బంతిరేకులు కలిపి పోస్తున్నారు. ముందు అమ్మ పోసింది, తర్వాత పెద్దమ్మ. నేను ఎదురుగా నిలబడి వరసగా నొక్కుతూనే ఉన్నాను. చీకటి చూసి ఫోన్ తనంతట తానే నైట్ మోడ్‌లోకి వెళ్లిపోయిందని నేను గమనించలేదు. స్క్రీన్ మీద చిన్న చందమామ బొమ్మ వెలిగింది, కదలకుండా పట్టుకోమని కూడా రాసింది. నేను కదల్లేదు. పిల్ల కదిలింది.

రాత్రి అందరూ చుట్టూ చేరి చూస్తే, గోడ మీది క్యాలెండర్‌లో తేదీలు చదవడానికి వస్తున్నాయి, పిల్ల మొహం మాత్రం మైనం కరిగినట్టుంది. పెద్దమ్మ చేయి మూడు చేతులైంది. "ఫొటో తియ్యమంటే పొగ తీసావేటిరా? గుంట మొగమేదీ?" అంది అమ్మ. ఫొటో మసకగా వచ్చినప్పుడు ఫోన్‌ని తిట్టే ముందు ఇదొక్కటి చూసుకోవాలని నాకు తర్వాత తెలిసింది. కదలని గోడ, పీట కూడా చెదిరి ఉంటే అది మన చేతి వణుకు. గోడ స్పష్టంగా ఉండి మనిషి ఒక్కడే చెదిరితే షట్టర్ మరీ ఎక్కువసేపు తెరుచుకుందని. నైట్ మోడ్ రెండు మూడు సెకన్లపాటు వరసగా చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది. గోడకి అది వరం. పళ్లు మీద పడుతుంటే తల తిప్పే రెండేళ్ల పిల్లకి కాదు.

అదే సాయంత్రం నైట్ మోడ్ పడకుండా వచ్చిన ఫొటో ఒకటుంది. అందులో పిల్ల మొహం కొంచెం తెలుస్తుంది గానీ ఒళ్లంతా ఇసక చల్లినట్టు చుక్కలు. ఫొటో వివరాల్లో `1/17 s`, `ISO 2500` అని ఉంది. జానెడు ఎత్తు నుంచి వదిలిన రేగుపండు తల దగ్గరికి వచ్చేసరికి సెకనుకి దాదాపు రెండు మీటర్ల వేగంలో ఉంటుంది. సెకనులో 17వ వంతు కాలంలో అది పన్నెండు సెంటీమీటర్లు జారిపోతుంది. అందుకే ఆ ఫొటోలో పళ్లు లేవు, గోధుమ రంగు గీతలున్నాయి.

పరిష్కారం సెట్టింగులు మనమే మార్చుకునే `Pro` మోడ్‌లో ఉందని తెలిసి, ఒకరోజు రాత్రి అదే మూల దిండుని పీట మీద పెట్టి ప్రయత్నించాను. షట్టర్ `1/100` పెడితే స్క్రీన్ దాదాపు నల్లబడిపోయింది. `1/17` తో పోలిస్తే ఆరో వంతు సమయమే తెరుచుకుంటే ఆరో వంతు వెలుతురే వస్తుంది మరి. ఐఎస్ఓ పెంచి దాన్ని లాగితే చుక్కలు ఇంకా ఎక్కువయ్యాయి. అప్పటిదాకా ఐఎస్ఓ అంటే ఫోన్‌కి అదనపు చూపు అనుకునేవాడిని. అది రేడియోలో వాల్యూమ్ లాంటిది, స్టేషన్ సరిగ్గా అందకపోతే గరగర కూడా పెరుగుతుంది. సెట్టింగులతో ఎంత కుస్తీ పట్టినా ఆ మూలలో ఫొటో రాదు. ఇది ఒప్పుకోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

మరుసటి భోగికి పీటని ఆ మూల నుంచి తీసి ట్యూబ్‌లైటు ఎదురుగా వేయించాను. పిల్ల మొహం లైటు వైపు, నా వీపు లైటు వైపు. నా నీడ పడకుండా ఒక అడుగు పక్కకి జరిగాను. పక్కింటివాళ్ల దగ్గర ఎల్ఈడీ ట్యూబ్ ఇంకొకటి తెచ్చి కిటికీకి కట్టాం. "పండగకి స్టూడియో పెట్టావురా" అని బావ నవ్వాడు. కానీ ఈసారి `1/100` కి `ISO 1000` సరిపోయింది. అంటే పోయినేడు కంటే మొహం మీద దాదాపు పదిహేను రెట్లు వెలుతురు ఉందన్నమాట. ఫోన్ అదే, లెన్సు అదే.

పళ్లు ఇంకా స్పష్టంగా రావాలని ఆశపడి ఒకసారి `1/200` పెట్టాను. ఫొటోలో అడ్డంగా నల్లటి పట్టీలు వచ్చాయి. ఫోన్ పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో మామూలు ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు వెలుగు పెంచి తగ్గిస్తుంది. కంటికి తెలియదు. కెమెరా బొమ్మని వరసల వారీగా చదువుతుంది కాబట్టి కొన్ని వరసలకి వెలుగు, కొన్నింటికి మసక. `1/100` లేదా `1/50` పెడితే ప్రతి వరసకీ పూర్తి సైకిల్ దొరుకుతుంది, పట్టీలు పోతాయి. పిల్ల బుద్ధిగా కూర్చుంటే `1/50` చాలు, పళ్లు పడేటప్పుడు `1/100`. మొహాలు పచ్చగా వస్తుంటే పసుపు బల్బు ఆర్పేయాలి. రెండు రంగుల వెలుగులు కలిస్తే ఏ సెట్టింగూ రెండింటినీ సరిచేయదు.

ఇంకో చిన్న మోసం కూడా బయటపడింది. దగ్గరగా తీద్దామని `2x` నొక్కేవాడిని. చీకట్లో ఒకసారి `2x` కోసం ఉన్న రెండో లెన్సుని వేలితో మూసి చూశాను. స్క్రీన్ మీద బొమ్మ మారలేదు! వెలుతురు తక్కువైతే ఈ ఫోన్ ఆ లెన్సు వాడకుండా మెయిన్ కెమెరా బొమ్మనే కోసి పెద్దది చేస్తోంది. అప్పటి నుంచి `1x` లోనే ఉంచి రెండడుగులు ముందుకి నడుస్తున్నాను. అరిసెలు తిన్న వేళ్లతో లెన్సు ముట్టుకుంటే దీపం చుట్టూ పొగలా వస్తుంది, తియ్యబోయే ముందు పంచె అంచుతో ఒకసారి తుడవడం మరిచిపోవద్దు.

`Pro` మోడ్‌కి కూడా లోపం ఉంది. ఈ ఫోన్ అందులో ఫ్రేములు కలపదు, చుక్కలు తుడవదు. వేలు నొక్కి పట్టుకుంటే వరసగా తీయదు కూడా. ఒక్కొక్కటే నొక్కాలి. ముప్పై నొక్కితే నాలుగు బాగా వచ్చాయి. ట్యూబ్‌లైటు తగిలించే వీలు లేని చోట, గుళ్లోనో ఎవరింట్లోనో, ఈ పద్ధతి నాకు పనికిరాలేదు. బొమ్మల కొలువుకి, తెల్లవారుజామున వాకిట్లో ముగ్గుకి నేను ఇప్పటికీ చందమామనే నొక్కుతాను.

కొనమంటావా అని బావ అడిగాడు. ఇంట్లో చిన్నపిల్లలు లేకపోతే కొనుక్కోమన్నాను. ఉంటే ముందు హాల్లో మంచి ట్యూబ్‌లైటు పెట్టుకోమన్నాను, దానికయ్యే ఖర్చు ఫోన్ ధర ముందు లెక్కలోకి రాదు. నాకైతే మా ఇంటి చీకటి ఈ ఫోన్ కంటే పాతది, అందుకని నా మాట అందరికీ వర్తించకపోవచ్చు.

ఆ నాలుగింటిలో ఒకటి అమ్మ ప్రింటు తీయించి దేవుడి గూటి పక్కన పెట్టింది. ఒక రేగుపండు సరిగ్గా పిల్ల నుదుటి మీద ఆగినట్టుంది, అంచు కొంచెం చెదిరింది. పిల్ల మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని ఉంది.