రెండేళ్లు ఫొటో సెర్చ్‌తో స్టవ్ పార్టులు వెతికాక: బర్నర్‌ని తిరగేసి ఫొటో తీయండి

ఫోన్‌లో ఫొటో తీసి వస్తువును వెతికే సదుపాయాన్ని రెండేళ్లుగా వంటింటి కోసం వాడుతున్నాను. మొదట్లో అందరికీ తెగ చెప్పాను. ఇప్పటికీ వాడుతున్నాను. కానీ ఒక్క విషయంలో దాని మీద నాకు గట్టి కోపం ఉంది. అది ఆకారాన్ని గుర్తుపడుతుంది కానీ కొలతను గుర్తుపట్టదు. స్టవ్ పార్టులకు కొలతే ప్రాణం.

మా రెండు బర్నర్ల స్టవ్ పాతది. కంపెనీ స్టిక్కర్ ఎప్పుడో చెరిగిపోయింది. ఎడమవైపు ఇత్తడి బర్నర్ రంధ్రాలు అరిగి పెద్దవైపోయాయి. బర్నర్‌ను పైనుంచి ఫొటో తీస్తే వరసగా అచ్చం అలాంటివే వచ్చాయి. రంధ్రాల వరసలు, అంచు వంపు అన్నీ సరిపోయాయి. సంతోషంగా ఒకటి తెప్పించాను.

పెట్టగానే అది కొంచెం ఊగింది. వెలిగిస్తే పైన మంట బాగానే ఉంది కానీ బర్నర్ అడుగున, ట్యూబ్ అంచు చుట్టూ కూడా సన్నగా నీలం మంట కనిపించింది. వెంటనే కట్టేశాను. బర్నర్ కింద ఉండే మెడ మిక్సింగ్ ట్యూబ్ నోటిలో సరిగ్గా కూర్చోవాలి. వదులుగా ఉంటే గాలి కలిసిన గ్యాస్ పైకి వెళ్లకుండా ఆ సందులోంచి బయటికొచ్చి అక్కడే అంటుకుంటుంది. నాబ్, దాని లోపలి వాల్వు ఆ పక్కనే ఉంటాయి కాబట్టి అది చూసీ చూడనట్టు వదిలేసే విషయం కాదు.

రెండు బర్నర్లూ సంచిలో వేసుకుని మా వీధి చివర స్టవ్ రిపేరు షాపుకి వెళ్లాను. ఆయన పైభాగం వైపు చూడనే లేదు. "అమ్మా, పైనుంచి చూస్తే అన్నీ ఒకటేలా ఉంటాయి, తిరగెయ్యండి" అన్నారు. వెర్నియర్‌తో కొలిస్తే పాతదాని మెడ 39 మిల్లీమీటర్లు, కొత్తదానిది 36. నేను తీసిన ఫొటోలో ఆ మెడ లేనే లేదు.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. బర్నర్ చల్లారాక తిరగేసి, పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి ఫొటో తీస్తాను. ఆ బిళ్ల వ్యాసం 27 మిల్లీమీటర్లు. ఫోన్ తెర మీద స్కేలుతో కొలిస్తే బిళ్ల 18, మెడ 26 వచ్చాయనుకోండి, 26ని 18తో భాగించి 27తో గుణిస్తే 39. బిళ్లను బల్ల మీద పెట్టకూడదు. మెడ అంచు బల్ల కంటే ఎత్తులో ఉంటుంది, కెమెరాకి దగ్గరగా ఉన్నది పెద్దగా కనిపిస్తుంది. అందుకే అగ్గిపెట్టెలు గానీ డబ్బాలు గానీ పేర్చి బిళ్లను మెడ అంచు ఎత్తుకి తెస్తాను. రెండడుగుల పైనుంచి, నిటారుగా, జూమ్ చేసి తీస్తాను. ఇంత చేసినా ఒక మిల్లీమీటరు తేడా రావచ్చు. అందుకే ఫొటోతో షాపులో వాకబు చేస్తాను, కొనేముందు మాత్రం పాత బర్నర్ చేతిలో ఉండాల్సిందే.

నన్ను బాగా మెప్పించింది గ్యాస్ పైపు. మా అత్తగారింట్లో నారింజ రంగు పైపు స్టవ్ వెనక మూలన ఉంది, వంగి చూడటం కష్టం. ఫోన్ లోపలికి పెట్టి ఫొటో తీసి పెద్దది చేస్తే IS 9573 అన్న ముద్ర, తయారైన సంవత్సరం స్పష్టంగా కనిపించాయి. 2018. ఐదేళ్లకి మార్చాల్సిన పైపు అది. మర్నాడే ఏజెన్సీ నుంచి కొత్తది తెచ్చాం. పైపు ఎక్కించే స్టవ్ నాజిల్ తిన్ననిదా, ఎల్ ఆకారందా అన్నది కూడా ఫొటోలో తెలిసిపోతుంది. దాని వెనక మర కొలత మాత్రం తెలియదు.

రెగ్యులేటర్ కోసం ఈ సెర్చ్‌ని ఇక వాడను. ఇంటి సిలిండర్ రెగ్యులేటర్ ఫొటో ఇస్తే, హోటల్ భట్టీలకు వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్లనూ పక్కపక్కనే చూపించింది. ఇంటిది గ్యాస్‌ని చదరపు సెంటీమీటరుకి దాదాపు 30 గ్రాముల ఒత్తిడితో వదిలేలా ముందే బిగించి ఉంటుంది, దాని నాబ్ ఆన్, ఆఫ్ చెయ్యడానికే. ఒత్తిడి పెంచడానికీ తగ్గించడానికీ తిప్పే మర ఉంటే అది మన వంటింటిది కాదు. అయినా పాడైన రెగ్యులేటర్‌ని కనెక్షన్ కాగితాలు చూపిస్తే ఏజెన్సీలోనే మారుస్తారు.

షాపు నాలుగడుగుల దూరంలో ఉంది కాబట్టి నాకు ఈ సెర్చ్ సాయంగా ఉంటోంది. స్టవ్ మీద మోడల్ నంబరు చదవగలిగేలా ఉంటే దాన్ని చెప్పి పార్టు అడగడమే తేలిక. హైదరాబాద్‌లో పైపు గ్యాస్ వాడే మా అమ్మాయికి మాత్రం దీన్ని నమ్మొద్దనే చెప్పాను. వాళ్ల స్టవ్‌లో గ్యాస్ వదిలే జెట్ రంధ్రం సిలిండర్ స్టవ్ జెట్ కంటే పెద్దది. ఆ తేడా మిల్లీమీటరులో కొంత భాగమే, ఏ ఫొటోలోనూ నా కంటికి ఆనలేదు.