మూడేళ్ల వాడకం తర్వాత: ఒక వైఫై రూటరు, ఒకదానికొకటి వినిపించని రెండు ల్యాప్‌టాప్‌లు

మల్కాజిగిరిలోని మా మూడంతస్తుల ఇంట్లో, మధ్య అంతస్తు మెట్ల దగ్గర బిగించిన ఈ రూటరును మూడేళ్లుగా వాడుతున్నాను. ఇల్లంతటికీ ఇదొక్కటే చాలునని మొదటి ఏడాది చాలామందికి చెప్పాను. సిగ్నల్ వరకు ఆ మాట ఇప్పటికీ నిజమే.

కింద నేను స్కాన్ చేసిన పుస్తకాల ఫైళ్లు పంపుతాను, పైన మా మేనల్లుడు తన పాఠాల వీడియోలు ఎక్కిస్తాడు. ఎవరికి వారు పంపితే సెకనుకు 40 మెగాబిట్లు వచ్చేవి. ఇద్దరమూ ఒకేసారి పంపితే మాత్రం కలిపి 9 దాటేది కాదు. `iw dev wlan0 station dump` ఇచ్చి చూస్తే సిగ్నల్ -58 dBm దగ్గర నిలకడగా ఉండేది, మళ్లీ పంపిన సార్లను లెక్కించే `tx retries` అంకె మాత్రం ఆగకుండా పెరిగేది. ఒంటరిగా పంపినప్పుడు ఆ పెరుగుదల ఉండేది కాదు. ఒకే రూటరుతో మాట్లాడే రెండు పరికరాలు ఒకదానికొకటి వినిపించకపోవడాన్ని హిడెన్ నోడ్ అంటారు, దానికి ఇదే గుర్తు.

వైఫై పరికరం పంపే ముందు గాలిలో ఇంకెవరైనా మాట్లాడుతున్నారేమో వింటుంది, ఖాళీ దొరికాక యాదృచ్ఛికంగా కొన్ని స్లాట్లు, అంటే చిన్న చిన్న కాలపు ముక్కలు, ఆగి పంపుతుంది. పంపుతూ ఉండగా ఢీకొన్న సంగతి దానికి తెలియదు. రూటరు నుంచి అందినట్టు చెప్పే ఏసీకే రాకపోతేనే తెలుస్తుంది. రెండు కాంక్రీటు శ్లాబుల మధ్య మా ల్యాప్‌టాప్‌లు ఒకదానికొకటి వినిపించవు కనుక రెండింటికీ గాలి ఖాళీగానే కనిపిస్తుంది. 9 మైక్రోసెకన్ల స్లాట్లు 15 వరకు ఆగినా మొదటి ప్రయత్నంలో వచ్చే ఎడం 135 మైక్రోసెకన్లే, కానీ ఒక విడతలో పంపే డేటా ముక్కకు, అంటే 1500 బైట్ల ఫ్రేముకు, 24 మెగాబిట్ల వేగంలో 500 పైనే పడుతుంది కనుక ఒకటి ముగిసేలోపే రెండోది మొదలై ఢీకొంటాయి. ఏసీకేలు రాక పరికరం వేగం తగ్గించుకుంటే ఫ్రేము ఇంకా పొడవై, ఢీకొనే అవకాశం మరింత పెరుగుతుంది.

ఎన్ని బైట్లకు మించిన ఫ్రేముకు ముందుగా అనుమతి అడగాలో చెప్పే ఆర్‌టీఎస్ థ్రెషోల్డ్ అనే సెట్టింగు మీద నాకు అభిమానం ఏర్పడింది అందుకే. పెద్ద ఫ్రేముకు ముందు 20 బైట్ల ఆర్‌టీఎస్‌తో రూటరును అనుమతి అడిగితే, రూటరు ఇచ్చే సీటీఎస్ అనే అనుమతి పై అంతస్తుకూ వినిపించి, అక్కడి ల్యాప్‌టాప్ అందులో చెప్పినంతసేపు మౌనంగా ఉంటుంది. ఆర్‌టీఎస్‌లే ఢీకొన్నా, ఒక్కొక్కటి కనీస వేగంలో 52 మైక్రోసెకన్లే కనుక నష్టం స్వల్పం. నేను మొదట ఈ విలువను రూటరు సెట్టింగుల్లో మార్చి రెండు వారాలు వృథా చేసుకున్నాను. అక్కడి విలువ రూటరు పంపే ఫ్రేములకే వర్తిస్తుందని ఆ పేజీలో ఎక్కడా రాయకపోవడం నన్ను నిజంగా బాధించింది. మార్చవలసింది రెండు ల్యాప్‌టాప్‌లలో:

```
sudo iw phy phy0 set rts 500
```

ఆ తర్వాత ఇద్దరికీ కలిపి 27 మెగాబిట్లు వస్తున్నాయి. ఒక్కరమే పంపినప్పుడు 40 కాస్త తగ్గి 36 అయింది, కాబట్టి పరికరాలన్నీ ఒకే హాల్లో ఉండే ఇంటికి దీన్ని సిఫారసు చేయను. మేనల్లుడు ఫోన్ నుంచి ఎక్కించే రోజుల్లో ఇబ్బంది కొంత తిరిగి వస్తోంది. ఆ ఫోనులో ఈ సెట్టింగు లేదు. నా ఫ్రేముల వేళ అది సీటీఎస్ విని ఆగుతుంది కానీ, దాని ఫ్రేముల మీద నా ఆర్‌టీఎస్‌లు పడకుండా ఆపేది ఏదీ లేదు. కింది అంతస్తుకు కేబుల్ లాగించాలనుకుంటున్నాను.