కాస్ప్ ప్రశ్నావళితో మూడేళ్లు: ఏడో ప్రశ్న దగ్గర నేను పడిన పొరపాటు

గుంటూరులో సైకియాట్రీ పీజీలో చేరినప్పటి నుంచి, జర్నల్ క్లబ్‌లో నా వంతు వచ్చిన ప్రతిసారీ ట్రయల్ పేపర్లను నిశితంగా పరిశీలించడానికి కాస్ప్ వారు తయారుచేసిన పదకొండు ప్రశ్నల ప్రతినే ముందు పెట్టుకొని పేపరు చదివాను. ర్యాండమైజేషన్, బ్లైండింగ్, మధ్యలో మానేసినవారి లెక్క, ఇవేవీ మరచిపోనివ్వదు కనుక జూనియర్లకు కూడా నిస్సంకోచంగా దీన్నే చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవలసి వచ్చింది.

అందుకు కారణం 2001లో అచ్చయిన స్టడీ 329. కుంగుబాటుతో ఉన్న 275 మంది కౌమారులకు ఎనిమిది వారాల పాటు పారాక్సెటిన్, ఇమిప్రమిన్ అనే యాంటీడిప్రెసెంట్ మందులు, మందు లేని ప్లాసిబో మాత్ర, వీటిలో ఒకటి ఇచ్చి పోల్చిన ట్రయల్ అది. మొదటి ఆరు ప్రశ్నలకు పెద్దగా తడబడకుండానే ‘అవును’ అని రాశాను. ఏడో ప్రశ్న ఫలితాలను సమగ్రంగా చెప్పారా అని అడుగుతుంది. కుంగుబాటు తీవ్రతను కొలిచే హ్యామిల్టన్ స్కేలుపై స్కోరు 8కి గాని అంతకంటే కిందికి గాని దిగినవారు పారాక్సెటిన్ వర్గంలో 63.3 శాతం, ప్లాసిబో వర్గంలో 46 శాతం అని, p విలువ 0.02 అని పేపరులో కనిపించగానే అక్కడా ‘అవును’ అనే రాశాను. సెషన్‌లో మా ప్రొఫెసర్ మేడమ్ ఒకే మాట అడిగారు: “ఆ ఎనిమిది అనే గీత ముందే గీసుకున్నదా అమ్మా, లెక్కలు చూశాక గీసుకున్నదా?” నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి ఆ ట్రయల్‌కు ముందుగా రాసుకున్న ప్రణాళికను, అంటే ప్రోటోకాల్‌ను, వెతికి చదివాను. అందులో ముందుగా నిర్ణయించుకున్న రెండు ప్రధాన ఫలితాల్లో ఒకటి స్కోరులో వచ్చిన సగటు మార్పు. రెండోది, స్కోరు 8కి దిగడం ‘లేదా’ మొదటి స్కోరులో సగానికి తగ్గడం. ఆ ‘లేదా’ను ఉంచి లెక్కిస్తే 66.7, 55.2 శాతాలు వస్తాయి, p విలువ 0.11 అవుతుంది, అంటే 0.05 అనే మామూలు హద్దు దాటిపోతుంది కనుక ఆ తేడాను గణాంకపరంగా నమ్మలేం. అంటే నేను స్లైడుపై పెద్ద అక్షరాలతో చూపించిన తేడా, ఆ రెండో సగాన్ని తీసేస్తే తప్ప కనిపించని తేడా. 2015లో బీఎంజేలో వచ్చిన పునర్విశ్లేషణ కూడా ముందుగా పెట్టుకున్న ఏ ప్రధాన ఫలితంలోనూ ప్లాసిబోపై ఆధిక్యం లేదని తేల్చింది. ఆత్మహత్యా ప్రవృత్తికి సంబంధించిన సంఘటనలు మొదటి పేపరులో భావోద్వేగాల ఊగిసలాట అనే అర్థమిచ్చే ‘ఎమోషనల్ లేబిలిటీ’ అనే పేరు కింద ఉండడం వల్ల, మేలూ కీడూ తూచమనే తొమ్మిదో ప్రశ్నకు కూడా పేపరులోని పట్టికనే నమ్మి తప్పు జవాబు రాశానని అప్పుడు అర్థమైంది.

ప్రశ్నావళికి న్యాయం చేయాలంటే, ఫలితాలను స్పష్టంగా నిర్దేశించారా అనే సూచన ఏడో ప్రశ్న కింద ఉంది. కానీ ఎప్పుడు నిర్దేశించారో చూడమని, ప్రోటోకాల్ తెరవమని అది నన్ను నెట్టలేదు. ట్రయల్‌లో పక్షపాతానికి ఎంత అవకాశముందో అంచనా వేసే కాక్రేన్ వారి RoB 2 సాధనంలోని ఐదో విభాగం సరిగ్గా ఆ సంగతే అడుగుతుంది, అయితే దాన్ని పూర్తిగా నింపడానికి డ్యూటీల మధ్య నాకు దొరికే రెండు సాయంత్రాలు చాలవు.

కాబట్టి తొలి చదువుకు కాస్ప్‌నే వాడుతున్నాను. మందుల కంపెనీ నిధులతో జరిగిన యాంటీడిప్రెసెంట్ ట్రయల్ అయితే మాత్రం ఏడో ప్రశ్న గడిని ఖాళీగా ఉంచి, ప్రోటోకాల్‌ గాని, రిజిస్ట్రీ నమోదు గాని చూశాకే నింపుతున్నాను. 2005కు ముందు మొదలైన పాత ట్రయల్స్‌లో చాలావాటికి ఆ రెండూ దొరకవు; అప్పుడు ఆ గడిలో ‘చెప్పలేము’ అని రాసి, స్లైడుపై కూడా అలాగే చూపిస్తున్నాను.