ఇరుగుపొరుగుకు దేవుని గురించి చెప్పడం: సండే స్కూల్ పిల్లలకు ఏ పాఠం మేలు?

మన సండే స్కూళ్లలో ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ఈ విషయం చెప్పాల్సి వచ్చినప్పుడు టీచర్లు ఎక్కువగా ఎంచుకునేవి మూడు: రంగుల పుస్తకం, ఏథెన్సులో పౌలు ప్రసంగం, నయమాను ఇంట్లో పనిచేసిన చిన్నపిల్ల కథ. పక్కింట్లో హిందువులో ముస్లింలో ఉండే పిల్లలకు వీటిలో ఏది పనికొస్తుందన్నదే ఇక్కడ ప్రశ్న.

రంగుల పుస్తకంలో అక్షరాలుండవు, ఒక్కో రంగు పేజీ ఒక్కో సంగతి చెబుతుంది. 1866లో లండన్ బోధకుడు స్పర్జన్ నలుపు, ఎరుపు, తెలుపు పేజీలతో దీన్ని వాడాడు. బంగారు రంగు, ఆకుపచ్చ ఆ తర్వాత చేరాయి. చేతిపని పిల్లలకు ఇష్టం, క్రమం ఇట్టే గుర్తుంటుంది. చిక్కంతా మొదటి పేజీతోనే. నలుపు అంటే పాపం. క్లాసులో ‘నా పాపం’ అని నేర్చుకున్న పిల్లవాడు వీధిలోకి వెళ్లి, ఆడుకునే స్నేహితుడితో ‘నీ హృదయం నల్లగా ఉంది’ అంటాడు. ఒంటి రంగు మీద వెక్కిరింపులు మామూలైపోయిన మన ఊళ్లలో ఆ మాట ఎలా తగులుతుందో వేరే చెప్పాలా? పైగా బట్టీ పట్టింది అప్పజెప్పే పిల్లవాడు ఎదుటివాళ్ల మాట వినడు. ఈ పుస్తకాన్ని నేనైతే క్లాసు గది దాటనివ్వను.

అపొస్తలుల కార్యములు 17లో పౌలు తీరు చాలా మర్యాదైనది. ఆ ఊళ్లో గమనించిన బలిపీఠంతో మొదలుపెట్టాడు, మధ్యలో వాళ్ల కవుల మాటనే చెప్పాడు. కానీ అది పెద్దవాళ్ల చర్చ. చిన్నపిల్లల చేతికిస్తే ‘మీ దేవుడా మా దేవుడా’ అనే వాదంగా మారుతుంది. పదో తరగతి పిల్లలకైతే బాగుంటుంది.

ఇక రెండవ రాజులు 5వ అధ్యాయం. ఇశ్రాయేలు నుంచి చెరపట్టి తెచ్చిన చిన్నది సిరియా సేనాధిపతి నయమాను భార్య దగ్గర పని చేస్తోంది. యజమానికి కుష్ఠు. ఆ పిల్ల అన్నది ఒక్క వాక్యమే: షోమ్రోనులో ఉన్న ప్రవక్త దగ్గరికి అయ్యగారు వెళ్తే బాగుండును, ఆయన బాగుచేస్తాడు అని. తర్వాత ఆ పిల్ల కథలో కనిపించదు. తనకు తెలిసింది, అక్కడి బాధ చూసి, తన యజమానురాలికి చెప్పింది. వాళ్ల దేవుణ్ణి ఒక్క మాట అనలేదు. నా ఓటు దీనికే.

అయితే చాలామంది టీచర్లు ప్రవక్త చెప్పినట్టు నయమాను యొర్దాను నదిలో ఏడుసార్లు మునిగి బాగుపడ్డ చోట కథ ఆపేస్తారు. అసలు సరుకు ఆ తర్వాత ఉంది. నయమాను తిరిగొచ్చి, ఇక యెహోవాకే బలి అర్పిస్తానంటాడు. కానీ రాజు తన చేతిమీద ఆనుకుని సిరియా దేవుడు రిమ్మోను గుడిలో మొక్కేటప్పుడు తానూ వంగాల్సి వస్తుందని, దానికి క్షమాపణ అడుగుతాడు. ప్రవక్త ఎలీషా తిట్టడు, మనశ్శాంతితో వెళ్లమంటాడు. కానుక కూడా తీసుకోడు. ఎలీషా సేవకుడు గేహజీ మాత్రం వెంటపడి వెండి, బట్టలు పుచ్చుకుని కుష్ఠు తెచ్చుకుంటాడు. ‘చర్చికి వస్తే చాక్లెట్ ఇస్తా’ అనడం ఎందుకు తప్పో పిల్లలకు ఇక్కడే చెప్పాలి: దేవుని పేరు మీద బేరం పెట్టకూడదు. స్నేహితుణ్ణి క్రిస్మస్‌కు పిలవాలంటే ముందు వాళ్ల అమ్మానాన్నలను అడగాలి.

ఈ కథకూ రెండు ఇబ్బందులున్నాయి. చెరపట్టడం గురించి పిల్లలు అడుగుతారు, ‘ఎందుకు పారిపోలేదు?’ అని. అది అన్యాయమేనని చెప్పాలి, దాటేయకూడదు. రెండోది ఇంకా ప్రమాదం: జబ్బుపడ్డ పక్కింటి తాతగారికి ‘మా చర్చికొస్తే తగ్గిపోతుంది, మందులు అక్కర్లేదు’ అని పిల్లవాడు చెప్పేయొచ్చు. ‘మీ కోసం ప్రార్థన చేస్తాను తాతగారూ’ అన్న మాట నేర్పితే చాలు. ఆయన వద్దంటే అక్కడితో ఊరుకోవాలి.

కథ అయ్యాక ఒక సంఘటన పిల్లలతో ఆడించండి. వినాయక చవితినాడు పక్కింటి ఆంటీ ఉండ్రాళ్లు తెచ్చింది, మీ ఇంట్లో ప్రసాదం తినరు. ‘ఛీ, అది విగ్రహానికి పెట్టింది’ అనడం ఒక దారి. ‘థాంక్యూ ఆంటీ, మా ఇంట్లో ప్రసాదం తినమండీ, ఏమనుకోకండి’ అనడం ఇంకో దారి. ఎందుకని ఆంటీ అడిగితే అప్పుడు చెప్పొచ్చు. 1 పేతురు 3:15 అడిగినవారికి ‘సాత్వికముతోను భయముతోను’ జవాబు చెప్పమంటుంది. పిల్లలు సాత్వికం బాగానే నటిస్తారు, అడిగేదాకా ఆగడమే కష్టం. అందుకే ఆంటీ వేషం టీచరే వేసి, కాసేపు ఏమీ అడక్కుండా నిలబడి చూడాలి.