ఆన్‌లైన్‌లో చీరలు కొనేవాళ్ళు ఇది చదవండి: బ్లాక్ చేసినా వేరే ఐడీలతో వెంటపడుతున్నారు

ఇన్‌స్టా లైవ్‌లో చీరలు అమ్మే ఒక పేజీలో మంగళగిరి పట్టు ఆర్డర్ పెట్టా, డబ్బులు ముందే ఫోన్‌పే చేయించుకున్నారు, వచ్చిన చీరకి బోర్డర్ దగ్గర చిరుగు. ఓపెనింగ్ వీడియో పంపినా రిటర్న్ లేదన్నారు, సరే అని వాళ్ళ పోస్ట్ కింద ఉన్నది ఉన్నట్టు కామెంట్ పెట్టా. అక్కడి నుంచి మొదలైంది, కామెంట్ తీసెయ్ లేకపోతే నీ అడ్రస్ మా దగ్గరుంది అని మెసేజ్‌లు. బ్లాక్ చేశా. మర్నాడే ఫొటో లేని కొత్త ఐడీ నుంచి అవే మాటలు.

అందుకే బ్లాక్ అసలు ఏం చేస్తుందో చెప్తా వినండి. బ్లాక్ పడేది అకౌంట్ మీద, మనిషి మీద కాదు. వాళ్ళు పేజీ పేరు మార్చుకున్నా ఆ బ్లాక్ అలాగే ఉంటుంది, అంతవరకు ఓకే, కానీ కొత్త అకౌంట్ తెరిస్తే ఇన్‌స్టా దృష్టిలో వాళ్ళు కొత్త మనిషే. దీనికోసమే బ్లాక్ నొక్కినప్పుడు and other accounts they may have or create అని ఒక ఆప్షన్ వస్తుంది, 2021లో తెచ్చారు, అది సెలెక్ట్ అయి ఉందో లేదో చూసుకుని నొక్కండి. దాన్ని పూర్తిగా నమ్ముకోడానికి మాత్రం లేదు. ఇవన్నీ ఒకే మనిషివని ఇన్‌స్టా గుర్తుపట్టగలిగితేనే అది పనిచేస్తుంది. అలా బ్లాక్ చేశాక వాళ్ళ రెండో షాపు పేజీ కూడా నాకు కనపడటం మానేసింది, కానీ వేరే ఫోన్, వేరే సిమ్, వేరే మెయిల్‌తో తెరిచిన ఐడీ అయ్యుంటుంది, అది మాత్రం వచ్చేసింది.

మరి కొత్త ఐడీకి నేనెలా దొరికానంటారా? ఆర్డర్ ఫామ్‌లో నా నంబర్ ఉంది కదా, వాళ్ళ ఫోన్‌లో సేవ్ చేసుకుని ఉంటారు. కాంటాక్ట్స్ సింక్ చేస్తే ఆ నంబర్‌తో ఉన్న ఇన్‌స్టా అకౌంట్ సజెషన్‌లో వచ్చేస్తుంది, వెతకాల్సిన పనే లేదు. కాబట్టి ఇన్‌స్టా అకౌంట్‌లోంచి నంబర్ తీసేసి మెయిల్ మాత్రమే పెట్టుకోండి, ఓటీపీ లాగిన్ ఆ నంబర్‌కే ఉంటే ముందు అది మార్చుకోండి లేకపోతే మీరే బయట ఉండిపోతారు. యూపీఐ ఐడీలో కూడా చాలామందికి ఫోన్ నంబరే ఉంటుంది, వేరే ఐడీ పెట్టుకోవచ్చు.

తర్వాత అకౌంట్ ప్రైవేట్ చేయండి. పబ్లిక్‌గా ఉంటే ఏ కొత్త ఐడీతో అయినా మన ఫొటోలన్నీ చూసేస్తారు, బ్లాక్ చేసీ లాభం లేదు. ప్రైవేట్ చేశాం కదా అని ఊరుకోకండి, ఇంతకుముందే ఫాలో అవుతున్న డూప్లికేట్లు లోపలే ఉంటాయి, లిస్ట్ అంతా చూసి తెలియనివాళ్ళని రిమూవ్ చేయండి, తీసేసినట్టు వాళ్ళకి నోటిఫికేషన్ వెళ్ళదు. మెసేజ్ సెట్టింగ్స్‌లో Others on Instagram దగ్గర రిక్వెస్టులు వద్దని పెట్టేస్తే మీకు సంబంధంలేని కొత్త ఐడీ ఎన్ని పంపినా మీ దాకా రావు, నాకు నిజంగా ప్రశాంతత ఇచ్చింది ఇదే.

ఇంకోటి, గొడవ ఇంకా ముదరకపోతే బ్లాక్ బదులు Restrict వాడండి. బ్లాక్ చేస్తే పేజీ కనపడక వాళ్ళకి తెలిసిపోతుంది, పంతానికి కొత్త ఐడీ తెరుస్తారు. రెస్ట్రిక్ట్ చేస్తే వాళ్ళ మెసేజ్‌లు పక్కన రిక్వెస్టుల్లో పడతాయి, మనం చదివామో లేదో తెలియదు, వాళ్ళు మాత్రం పంపుకుంటూనే ఉంటారు పాపం.

వాట్సాప్ ఇంకా వీక్. అక్కడ బ్లాక్ ఆ నంబర్‌కే, సిమ్ మారిస్తే అయిపోయింది. ప్రొఫైల్ ఫొటో, గ్రూపుల్లో యాడ్ చేసేది కాంటాక్ట్స్‌కి మాత్రమే అని పెట్టుకోండి, తెలియని కాల్స్ సైలెంట్ చేసే సెట్టింగ్ కూడా ఉంది. వాళ్ళ కస్టమర్ గ్రూప్‌లో ఉంటే వెంటనే బయటికి రండి, బ్లాక్ చేసినా గ్రూప్‌లో మనం పెట్టేవి వాళ్ళకి కనిపిస్తూనే ఉంటాయి.

బ్లాక్ చేసేముందే స్క్రీన్‌షాట్లు తీసుకోండి, ఐడీ పేరు, ప్రొఫైల్ లింక్, టైమ్ అన్నీ ఉండాలి. బెదిరిస్తే cybercrime.gov.inలో కంప్లయింట్ పెట్టొచ్చు, డబ్బు మోసమైతే 1930కి కాల్ చేయండి.

పేజీ పేరు ఇక్కడ పెట్టట్లేదు, పెట్టినా ఈపాటికి మార్చేసుంటారు. ఎవరి దగ్గరైనా ఆర్డర్ పెట్టేముందు ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కి About this account చూడండి, ఎప్పుడు జాయిన్ అయ్యారో ఉంటుంది, కొన్నిటికి ఎన్నిసార్లు పేరు మార్చారో కూడా వస్తుంది. పదేళ్ళ నుంచి బిజినెస్ చేస్తున్నాం అని లైవ్‌లో చెప్పే పేజీ మొన్న పుట్టిందైతే అక్కడే ఆగిపోండి.