ఈఎంఐ మారలేదని ఊరుకోకండి: నా గృహరుణం గడువు 2041 నుంచి 2071కి జరిగింది

ఎప్పటికప్పుడు మారే ఫ్లోటింగ్ వడ్డీపై ఇంటి రుణం తీసుకున్నవారు, తీసుకోబోతున్నవారు నాకు జరిగినది ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. రుణసంస్థ పేరు రాయడం లేదు. ఇది ఏ సంస్థలోనైనా జరగగలిగిన విషయమే.

2021 అక్టోబరులో 30 లక్షల రూపాయలు 20 ఏళ్ల గడువుకు తీసుకున్నాను. బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే రెపో రేటు అప్పుడు 4 శాతం, దానిపై సంస్థ మార్జిన్ 2.75 కలిపి నా వడ్డీ 6.75 శాతం, ఈఎంఐ రూ. 22,811. రెపోతో ముడిపడిన రుణానికి కనీసం మూడు నెలలకొకసారి రేటు సవరించాలి. 2022 మే నుంచి రిజర్వు బ్యాంకు రెపోను పెంచుకుంటూ పోయి, 2023 ఫిబ్రవరి నాటికి 6.50 శాతానికి చేర్చింది. నా వడ్డీ కూడా మెట్టుమెట్టుగా ఎక్కి ఏప్రిల్‌లో 9.25 అయింది. ప్రతిసారీ ఫోనుకు వచ్చిన సందేశంలో కొత్త రేటు, దాని పక్కనే 'ఈఎంఐలో మార్పు లేదు' అన్న మాట ఉండేవి. ఖాతాలోంచి ప్రతి నెలా అదే మొత్తం కట్ అవుతుండటంతో నేను నిశ్చింతగా ఉన్నాను.

ఆదాయపు పన్ను కోసం వడ్డీ ధ్రువపత్రం తీసుకోవడానికి వెళ్లినప్పుడు కొత్త చెల్లింపు పట్టిక కూడా అడిగి తీసుకున్నాను. ఏప్రిల్ వరసలో వడ్డీ రూ. 22,551, అసలు రూ. 260 అని ఉంది. నేను కట్టిన దాదాపు 23 వేలలో అప్పు తగ్గింది 260 రూపాయలే. కట్టవలసిన వాయిదాలు 222 మిగిలి ఉండాలి, పట్టికలో 583 ఉన్నాయి. 2041 సెప్టెంబరులో తీరవలసిన అప్పు 2071 అక్టోబరు దాకా సాగింది. బ్రాంచిలో అడిగితే అధికారి మర్యాదగానే, "మీకు భారం కాకూడదనే ఈఎంఐ పెంచలేదండీ, గడువే పెరిగింది" అన్నారు. ఆ భారం ఎక్కడికి పోయిందో నాకు ముందే చెప్పి ఉండవలసింది.

ఇంతగా సాగడానికి కారణం రుణం కొత్తది కావడం. మొదటి ఏళ్లలో ఈఎంఐలో ఎక్కువ భాగం వడ్డీయే కనుక, రేటు రెండున్నర శాతం పెరిగేసరికి అసలుకు పోవలసిన కొద్దిపాటి సొమ్మును కూడా అది మింగేసింది. పైగా ఈ సాగుడు రేటు పెరిగినంత నిష్పత్తిలో ఉండదు. రేటు 7.65కు చేరినప్పుడు మిగిలిన వాయిదాలు 231కి బదులు 273 అయ్యాయి. 8.65 దగ్గర 364, 9 దగ్గర 440, ఆ తరువాత పావు శాతం పెరగ్గానే 583. రేటు మరికొంచెం పెరిగి ఉంటే ఈఎంఐ నెల వడ్డీకి కూడా చాలక, కట్టని వడ్డీ అసలులో కలిసి అప్పు పెరగడం మొదలయ్యేది.

మీ రుణం సంగతి తేల్చుకోవడానికి ఒక్క లెక్క చాలు. మిగిలిన అసలును వడ్డీ రేటుతో గుణించి 1200తో భాగిస్తే ఆ నెల వడ్డీ వస్తుంది. నా విషయంలో 29,25,569 × 9.25 ÷ 1200 = 22,551. ఆ అంకె మీ ఈఎంఐకి ఎంత దగ్గరగా ఉంటే గడువు అంత ఎక్కువగా సాగుతున్నట్టు.

2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, రేటు సవరించినప్పుడు ఈఎంఐ పెంచుకోవడమా, గడువు పెంచుకోవడమా, రెండూ కొంత కొంతనా అన్నది ఎంచుకునే అవకాశం రుణగ్రహీతకు ఇవ్వాలి. వసూలైన అసలు, వడ్డీ, మిగిలిన వాయిదాల సంఖ్య చూపే నివేదికను మూడు నెలలకొకసారి అందుబాటులో ఉంచాలి. పాత రుణాలకు కూడా ఆ ఏడాది చివరికల్లా ఇది వర్తించింది. అది ఆధారంగా 2024 జనవరిలో, మొదటి ఒప్పందంలోని ఆఖరి తేదీ మారకుండా ఈఎంఐ సవరించమని దరఖాస్తు ఇచ్చాను. కొత్త ఈఎంఐ రూ. 27,985 అయింది, ఖాతా నుంచి ఆ మొత్తం కట్ కావడానికి కొత్త మాండేట్‌పై సంతకం చేయవలసి వచ్చింది. అప్పటికి 27 వాయిదాల్లో 6.16 లక్షలు కట్టాను, అసలు తగ్గింది సుమారు 77 వేలు.

ఈఎంఐ అంత పెంచుకోలేనివారు చేతిలో ఉన్న కొంత సొమ్మును అసలుకు జమ చేయవచ్చు. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ గృహరుణాలపై ముందస్తు చెల్లింపు రుసుము లేదు. అయితే ఆ సొమ్ము కట్టేటప్పుడు 'ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించండి' అని రాతపూర్వకంగా ఇవ్వండి.

రేట్లు తగ్గినప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. 2025లో రెపో 6.50 నుంచి 5.25కు దిగింది. గడువు సాగిపోయి ఉన్న రుణంలో, రేటు తగ్గిన మేరకు ఈఎంఐ తగ్గించుకుంటే సాగిన ఏళ్లు అలాగే ఉండిపోతాయి. ఈఎంఐ తగ్గిందన్న సందేశం వస్తే, కొత్త పట్టిక అడిగి తీసుకుని, దాని చిట్టచివరి వరసలో ఏ నెల, ఏ సంవత్సరం ఉన్నాయో చూడండి.